షుగర్ పడిపోతున్నా తెలియడం లేదా? సెన్సార్ అలారమా, టార్గెట్ పెంచడమా, ఏది మేలు?

ఇన్సులిన్ వాడే కొందరికి మీటర్ 48 చూపిస్తున్నా ఏమీ అనిపించదు. చెమట పట్టదు, చేతులు వణకవు, గుండె దడ రాదు. ఒకప్పుడు 65 దగ్గరే ఇవన్నీ వచ్చేవి. ఇలాంటివాళ్ల ముందు రెండు దారులున్నాయి. డోసులు మార్చకుండా, ఒంటికి అంటించుకుని షుగర్‌ను ఎప్పటికప్పుడు చూపే సెన్సార్ అలారాన్ని నమ్ముకోవడం ఒకటి. కొన్ని వారాలు టార్గెట్ పెంచి, షుగర్‌ను 72 కిందికి దిగనివ్వకపోవడం రెండోది.

నా ఓటు రెండోదానికే. ఎందుకో తెలియాలంటే ఆ లక్షణాలు ఎలా పోయాయో చూడాలి. షుగర్ సుమారు 70 కిందికి వస్తే మెదడు అడ్రినలిన్‌ను విడుదల చేయిస్తుంది. దడ, వణుకు అలా వచ్చేవే. కానీ షుగర్ పదేపదే పడిపోతుంటే మెదడు దానికి అలవాటు పడి, ఇంకా కిందికి వెళ్లాక గానీ స్పందించదు. ఒక మధ్యాహ్నం పడిపోయినా చాలు, మర్నాటి స్పందన మందగిస్తుంది. చివరికి హెచ్చరిక కంటే ముందే మెదడు మసకబారుతుంది. అప్పుడు చక్కెర తినాలన్న ఆలోచనే రాదు.

సెన్సార్ ఈ అలవాటును తనంతట తాను మాన్పించలేదు. దాని అంకె రక్తంలోని అంకె కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. పైగా 60 దగ్గర అలారం పెట్టుకుంటే అది మోగేసరికే షుగర్ పడిపోయి ఉంటుంది. బ్రిటన్‌లో 96 మంది టైప్ 1 పెద్దలతో చేసిన హైపోకాంపాస్ ట్రయల్‌లో సెన్సార్‌ను మీటర్‌తో, ఇన్సులిన్ పంపును ఇంజెక్షన్లతో పోల్చారు. 24 వారాల్లో అన్ని గ్రూపుల్లోనూ షుగర్ పడిపోవడాన్ని గుర్తుపట్టే శక్తి దాదాపు ఒకేలా మెరుగుపడింది. అందరూ షుగర్ పడిపోకుండా చూసుకోవడమే వాళ్లలో ఉమ్మడి విషయం.

ఆచరణలో ఎలా ఉంటుంది? రాత్రి 20 యూనిట్ల బేసల్, అంటే నెమ్మదిగా ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్, తీసుకునే ఒకాయన అనుకుందాం. తెల్లవారుజామున 3 గంటలకు 55 వస్తోంది, మెలకువ రావడం లేదు. డాక్టర్ బేసల్‌ను 17కి తగ్గించి, భోజనానికి ముందు టార్గెట్‌ను 80-110 నుంచి 110-150కి మారుస్తారు. ఆయన పడుకునే ముందు, 3 గంటలకు, బండి నడిపే ముందు చూసుకుంటారు. 72 కంటే తగ్గితే, ఏమీ అనిపించకపోయినా వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని 15 నిమిషాలకు మళ్లీ పరీక్షిస్తారు. మూడో వారానికి 66 దగ్గర చిన్న వణుకు తెలిస్తే పద్ధతి పనిచేస్తున్నట్టే. కొందరికి మూడు నెలలు పట్టొచ్చు.

ఈ దారికీ పరిమితులున్నాయి. లక్షణాలు తిరిగొచ్చినంతగా అడ్రినలిన్ స్పందన కోలుకోకపోవచ్చు. డయాబెటిస్ వచ్చి చాలా ఏళ్లయినవాళ్లకు ఇది మరీ వర్తిస్తుంది. మళ్లీ షుగర్ పడిపోతుంటే లక్షణాలు మళ్లీ మాయమవుతాయి. అందుకే సెన్సార్ ఉంటే దాన్ని వదిలేయొద్దు. ఆ వారాల్లో అలారాన్ని 60 దగ్గర కాకుండా 80 దగ్గర పెట్టుకుంటే, పడిపోకముందే ఆపుకోవచ్చు.