మూడు పుట్టినరోజులకు ఒకే మంగళగిరి పట్టు లంగా: వాడాక నా మాట

మా పాప రెండో పుట్టినరోజుకు కుట్టించిన లంగా జాకెట్టు మొన్న నాలుగో పుట్టినరోజుకి కూడా వేశాను. మధ్యలో మూడోది, రెండు పెళ్ళిళ్ళు, సంక్రాంతి, చుట్టాల పిల్లల బర్త్‌డే పార్టీలు అన్నీ దీంతోనే గడిచాయి కాబట్టి ఇప్పుడు నమ్మకంగా రాయగలను. మాది విజయవాడ, పాప పుట్టింది మే నెలలో. ఫంక్షన్ హాల్లో ఏసీ ఉన్నా వందమంది జనం చేరాక అది ఉన్నట్టే ఉండదు, ఇక పార్టీకి ముందు గుడికి వెళ్ళాలంటే బయట ఎండ ఎలా ఉంటుందో ఈ ఊరి వాళ్ళకి చెప్పక్కర్లేదు.

అంతకుముందు బంధువులు పెట్టిన నెట్ ఫ్రాకు ఒకటి ఉండేది. ఫొటోలో బాగానే ఉంటుంది. లోపల గట్టిగా నిలబడే క్యాన్‌క్యాన్ నెట్, దానిమీద నైలాన్ నెట్ పొరలు, నడుం దగ్గర పూసలు. దాన్ని తిరగేసి చూస్తే సంగతి తెలుస్తుంది. పైన అంత మెరుపు ఉంది కదా, లోపల నడుం కుట్టు దగ్గర కత్తిరించిన నెట్ అంచులన్నీ బయటికే ఉన్నాయి, లైనింగ్ అక్కడిదాకా రాలేదు. ఆ అంచు మీద మన మణికట్టు లోపలివైపు ఒకసారి రుద్దుకుంటే చాలు. పిల్లలు "గుచ్చుకుంటోంది" అని చెప్పరు, ఏడుస్తారు, మనమేమో జనాన్ని చూసి బెదిరిందనుకుంటాం.

అందుకే ఈసారి బట్ట కొని కుట్టిద్దామనుకున్నాను. మంగళగిరి ఎందుకంటే దగ్గర అని మాత్రమే కాదు. కంచి పట్టు బుటాల లంగాలు వెనకవైపు చూడండి, జరీ పోగులు కత్తిరించిన కొసలు ఉంటాయి, లైనింగ్ పల్చగా ఉంటే అవి దిగుతాయి. మంగళగిరి నేతలో మామూలుగా మధ్య భాగమంతా సాదాగా ఉండి జరీ అంచులోనే ఉంటుంది, కాబట్టి ఒంటికి తగిలే చోట పోగులు లేవు. నేను తీసుకుంది పట్టు, నూలు కలిపి నేసినది, మామిడిపండు పసుపుకి ఆకుపచ్చ అంచు. పూర్తి పట్టుకంటే బరువు తక్కువ, గాలి ఆడుతుంది. అత్తయ్యకి మాత్రం కాస్త సాదాగా అనిపించింది. "పుట్టినరోజు పిల్లకి ఇంకాస్త మెరవాలి కదమ్మా" అన్నారు. అంచు పెద్దది తీసుకుని ఆ లోటు సరిచేశాం.

బట్ట లెక్క చెప్తాను, ఇదే చాలామంది అడుగుతున్నారు. మేం రెండు మీటర్లు కొన్నాం, పన్నా 44 అంగుళాలు, రెండు వైపులా అంచు ఉంది. లంగాకి బట్టని అడ్డంగా వాడతారు, అంటే ఒకవైపు అంచు కింద కాళ్ళ దగ్గరికి వస్తుంది, పన్నాలో కొంత భాగం లంగా పొడుగవుతుంది. పాపకి ఛాతీ కింద నుంచి చీలమండకి కొంచెం పైదాకా 19 అంగుళాలు వచ్చింది. టక్కులకి నాలుగు, పైన కుచ్చుల కుట్టుకి ఒకటి కలిపితే 24. మిగిలిన 20 అంగుళాల పట్టీలో రెండో అంచు కూడా ఉంటుంది, జాకెట్టు, చేతుల అంచు అందులోనే వచ్చేశాయి, ఇంకా మిగిలింది కూడా. ఆ మిగిలిన ముక్కని పారేయనివ్వకండి, అడిగి తెచ్చుకోండి.

టక్కు అంటే అంచుకి పైన బట్టని మడిచి అడ్డంగా వేసే కుట్టు. అంగుళం లోతు టక్కు విప్పితే రెండంగుళాల పొడుగు వస్తుంది, అలాంటివి రెండు వేయించాం. మూడో పుట్టినరోజుకి ఒకటి, నాలుగోదానికి ఒకటి విప్పాను. విప్పిన చోట గీత మాత్రం కనబడుతుంది. మడతలో ఉన్న బట్టకి వెలుతురు తగలదు కదా, రంగు అక్కడ కాస్త ముదురుగా ఉండిపోతుంది. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే మడత పోయింది కానీ రంగు తేడా పూర్తిగా పోలేదు. ముదురు రంగు బట్టయితే ఇంకా బాగా తెలుస్తుందని టైలరమ్మ అంది.

ఇక అసలు విషయం బాడీ. లంగాకి బొందు గానీ ఎలాస్టిక్ గానీ వద్దు. రెండేళ్ళ పిల్లకి నడుం అంటూ ఉండదు, పొట్టే ఉంటుంది, అన్నం తిన్నాక ఆ పొట్ట ఇంకా పెరుగుతుంది. బొందు బిగిస్తే నొప్పి, వదులు చేస్తే లంగా జారుతుంది, మనం పార్టీ అంతా దాన్ని పైకి లాగుతూ ఉండాలి. చేతుల్లేని కాటన్ బాడీకి లంగాని కుచ్చులుపెట్టి అతికిస్తే బరువంతా భుజాల మీద పడుతుంది, డైపర్ మార్చాలన్నా లంగా ఎత్తితే చాలు, దేన్నీ విప్పక్కర్లేదు. పైన జాకెట్టు విడిగా. ఉక్కపోస్తే జాకెట్టు తీసేసినా కింద బాడీ ఉంటుంది కాబట్టి చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉండదు.

ఈ అతుకు దగ్గరే జాగ్రత్త కావాలి. పాప ఛాతీ 20 అంగుళాలు, వదులుకి రెండు కలిపి బాడీ చుట్టుకొలత 22. రెండు మీటర్లంటే 78 అంగుళాల పైచిలుకు బట్టని ఆ 22లోకి కుచ్చుపెట్టాలి, దానికి లైనింగ్ కుచ్చులు కూడా తోడు. అక్కడ లోపల వేలు మందాన ఒక కట్టలాగా తయారవుతుంది, ఓవర్‌లాక్ చేసి వదిలేస్తే అది రోజంతా పక్కటెముకల మీద ఒరుసుకుంటుంది. బాడీ రెండు పొరలుగా కుట్టించి ఆ కట్ట రెండు పొరల మధ్యలోకి పోయేలా చేయించాలి, లోపల చెయ్యి పెట్టి తడిమితే కుట్టు తగలకూడదు. టైలరమ్మకి ఇది ముందే చెప్పాను. "చిన్నపిల్ల బట్టకి ఇంత పనెందుకమ్మా" అని, చివరికి చేసిపెట్టి, కూలి కూడా దానికి తగ్గట్టే తీసుకుంది. నిజం చెప్పాలంటే మొత్తం ఖర్చులో బట్టకంటే కుట్టుకూలే ఎక్కువ. ఒక్క ఫంక్షన్‌కి వేసి పక్కన పెట్టేవాళ్ళకి ఇది గిట్టుబాటు కాదు.

లైనింగ్‌కి మెత్తటి మల్ కాటన్ అడగండి. క్రేప్, శాటిన్ వేస్తామంటారు, జారుడుగా ఉంటుంది, కుచ్చులు బాగా పడతాయి అని. అది చెమట పీల్చదు, తొడలకి అంటుకుపోతుంది. కాటన్‌తో ఉన్న చిక్కు ఒకటే, కుదించుకుపోతుంది. మా తోటికోడలు వాళ్ళ అమ్మాయి లంగాకి కొత్త లైనింగ్ అలాగే కుట్టేస్తే మొదటి ఉతుకుకే లోపలిది పైకి లాక్కుని పైబట్టంతా ముడతలు పడింది. కాబట్టి లైనింగ్ బట్టని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి మనమే ఇచ్చేస్తే గొడవ ఉండదు. లైనింగ్ పైబట్టకంటే అంగుళం పొట్టిగా ఉండాలి, లేకపోతే అంచు కింద నుంచి తొంగిచూస్తుంది.

జాకెట్టు చేతులకి అంచు వేస్తే అందం, కానీ ఆ జరీ అంచు లోపలి చేతికి తగిలే చోట పిల్లలకి ఎర్రగా గీత పడుతుంది. పండక్కి వారం ముందు ఇంట్లో ఒక గంట వేసి, తీశాక చంకల దగ్గర, మెడ వెనక, చేతి లోపల చూస్తే ఎక్కడ ఒరుసుకుంటోందో చర్మమే చెప్తుంది. మా పాపకి కుడి చేతి లోపల గీత కనబడింది. చేతి అంచు లోపల అర అంగుళం కాటన్ పట్టీ వేసి మడిచి కుట్టారు, మళ్ళీ రాలేదు. వెనక హుక్స్ బదులు టిచ్ బటన్లు పెట్టించాను, కార్లో వెనక్కి ఆనుకుని నిద్రపోయినా గుచ్చుకోవు. మెడ వెనక తాళ్ళు, కుచ్చు వేలాడదీసే ఫ్యాషన్ చిన్నపిల్లలకి వద్దే వద్దు, జారుడుబల్ల దగ్గర ఎక్కడైనా తట్టుకుంటే మెడకి బిగుస్తుంది.

పొడుగు గురించి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. పాదాలు కప్పేలా ఉంటేనే లంగాకి నిండుదనం అని అత్తయ్య. చీలమండకి రెండంగుళాలు పైనే అని నేను. నడిచేటప్పుడు కాదండీ, గొంతుక్కూర్చుని లేచేటప్పుడు పిల్లలు అంచు తొక్కుతారు, ముందుకి బోర్లాపడతారు. కుట్టించాక కిందపడేసిన బొమ్మ తీయమని, మెట్లు ఎక్కమని చెప్పి చూడండి, అంచు కాలికింద పడిందా లేదా అక్కడే తేలిపోతుంది. పాకే పిల్లలకైతే ఈ లంగా అసలు పనికిరాదు, మోకాళ్ళ కింద పడి ముందుకి కదలనివ్వదు. మొదటి పుట్టినరోజుకి ఇదే బట్టతో మోకాళ్ళ పైదాకా గౌను కుట్టించుకోవడం నయం. బౌన్సీ, బంతుల తొట్టి లాంటివి ఉన్న చోట పెద్దపిల్లలకి కూడా నిక్కరు, మామూలు కాటన్ టాప్ సంచిలో ఉండాల్సిందే.

వడ్డాణం, పాపిడి బిళ్ళ మొదటిసారి పెట్టాం. కేక్ కట్ చేసేలోపు రెండూ నా హ్యాండ్‌బ్యాగ్‌లోకి వచ్చేశాయి. తర్వాత జడగంటలు, గాజులతో సరిపెట్టాను. ఇంకొకటి, కేక్ దగ్గర స్నో స్ప్రే కొడతారు చూశారా, అందులో గ్యాస్ మండుతుంది. పక్కన కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. నెట్ ఫ్రాకయితే కరిగి చర్మానికి అంటుకుంటుంది, అలాగని మన కాటన్ లైనింగ్ కాలదని కాదు, అదీ కాలుతుంది. బట్ట ఏదైనా ఆ స్ప్రే డబ్బాని మాత్రం హాల్లోకి రానివ్వను, మా తమ్ముడు అలిగినా సరే.

ఉతకడం చల్లటి నీళ్ళలో షాంపూ వేసి చేత్తోనే, పిండకుండా నీడలో ఆరేయడం. చాక్లెట్ కేక్ క్రీమ్ ఒకసారి ఒళ్ళంతా అయింది, ముందు చెంచాతో గీకి తీసి తర్వాత తడిపితే పోయింది. ద్రాక్ష జ్యూస్ మరక లేతగా ఉండిపోయింది, కుచ్చుల్లో పడింది కాబట్టి కనబడదు. జరీ మెరుపు కొత్తలో ఉన్నంత లేదు.

నాలుగో పుట్టినరోజుకి బాడీ పక్క కుట్లు విప్పితే సరిపోయింది, లోపల అంగుళం బట్ట వదిలించి ఉంచాను కాబట్టి. జాకెట్టు చేతులు మాత్రం బిగుతయ్యాయి, చెయ్యి పైకెత్తలేకపోయింది. దాచిన ముక్కతో కొత్త జాకెట్టు కుట్టించాను. లంగాకీ దానికీ రంగులో కాస్త తేడా ఉంది, అత్తయ్య ఒక్కరే కనిపెట్టారు.