యాక్టింగ్ డ్రైవర్ ప్రొఫైల్: 46 మంది ఇచ్చిన 4.9 మేలా, 1,180 మంది ఇచ్చిన 4.7 మేలా?

హైదరాబాద్ నుంచి తిరుమలకు సొంత కారులో వెళ్లాలి. కర్నూలు, కడప మీదుగా దాదాపు 550 కిలోమీటర్లు, ఆపైన ఘాట్. బండిలో పెద్దవాళ్లు, పిల్లలు ఉంటారు. యాప్‌లో యాక్టింగ్ డ్రైవర్ కోసం వెతికితే ఇద్దరు కనిపించారనుకుందాం.

మొదటి ప్రొఫైల్: రేటింగ్ 4.9, రేటింగ్ ఇచ్చినవాళ్లు 46 మంది, అనుభవం 7 ఏళ్లు, యాప్‌లో చేరి 5 నెలలు, క్యాన్సిల్ చేసినవి సున్నా.

రెండో ప్రొఫైల్: రేటింగ్ 4.7, రేటింగ్ ఇచ్చినవాళ్లు 1,180 మంది, యాప్‌లో 4 ఏళ్లు, క్యాన్సిల్ చేసినవి 5 శాతం.

చాలామంది వేలు మొదటిదాని మీదకే పోతుంది. కానీ ఆ రెండు అంకెలనూ విప్పి చూస్తే లెక్క మారుతుంది.

46 మందిలో 45 మంది ఐదు నక్షత్రాలిచ్చి, ఒక్కరు ఒకటే ఇచ్చినా సగటు 4.91 వస్తుంది. తెర మీద 4.9 అనే కనిపిస్తుంది. అలా ఇంకొకరు ఇచ్చి ఉంటే 4.83, అంటే 4.8కి పడిపోయేది. ఒక్క మనిషి కోపమో, మొహమాటమో అంకెను మార్చేస్తుందన్నమాట. 1,180 మంది ఉన్నచోట ఒక్కరి మాట సగటును కదపలేదు. కాబట్టి 4.7 స్థిరమైన అంకె, 4.9 ఇంకా కుదురుకోని అంకె.

అలాగని స్థిరమైనదల్లా మంచిదని కాదు. 1,180 మందిలో 4.7 రెండు రకాలుగా రావచ్చు. సుమారు 354 మంది నాలుగేసి, మిగతా అందరూ ఐదేసి ఇచ్చినా 4.7 వస్తుంది. 88 మంది ఒక్కొక్కటే ఇచ్చి, మిగతావాళ్లు ఐదేసి ఇచ్చినా అదే వస్తుంది. ఇందులో నాలుగులు ఎక్కువున్న డ్రైవర్ పని తెలిసినవాడు, మర్యాదలోనో మాటతీరులోనో కొంచెం తక్కువేమో. ఒకట్లు ఎక్కువున్నవాడు మాత్రం ప్రతి 13, 14 మందిలో ఒకరిని తీవ్రంగా ఇబ్బంది పెట్టినవాడు. సగటు ఒకటే, మనుషులు వేరు. రేటింగ్ మీద నొక్కితే ఏ నక్షత్రం ఎందరిచ్చారో చూపించే సౌకర్యం యాప్‌లో ఉంటే ముందు చూడాల్సింది అదే.

అది లేకపోతే కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చివరి 20 రివ్యూలు చదవండి. ఒకటి, రెండు నక్షత్రాలు ఇచ్చినవాళ్లు దేని గురించి తిట్టారో చూడండి. 'చార్జీ ఎక్కువైంది', 'ట్రాఫిక్‌లో లేటయింది' అన్నవాటిని పక్కన పెట్టొచ్చు, అవి డ్రైవర్ చేతిలో లేనివి. 'ఫోన్ మాట్లాడుతూ నడిపాడు', 'తెల్లవారుజామున కునుకు తీశాడు', 'దారి మధ్యలో ఎక్కువ డబ్బు అడిగాడు' లాంటివి మూడు నెలల్లో రెండుసార్లు కనిపించినా ఆ ప్రొఫైల్ వదిలేయడమే మంచిది. రాత్రి ప్రయాణానికి కునుకు అన్న మాట ఒక్కసారి కనిపించినా చాలు.

ఇక ఏళ్ల సంగతి. '7 ఏళ్ల అనుభవం' సాధారణంగా డ్రైవర్ తనే రాసుకునేది. 'యాప్‌లో 4 ఏళ్లు' యాప్ లెక్కించేది. మొదటిది అబద్ధమని కాదు. ఏ కంపెనీ క్యాబ్‌లోనో ఆరున్నరేళ్లు నడిపి ఇప్పుడే యాప్‌లోకి వచ్చినవాడైతే 5 నెలల ప్రొఫైల్ వెనక నిజంగానే ఏడేళ్ల చెయ్యి ఉంటుంది. తేల్చుకోవడానికి లైసెన్స్ ఫొటో చాలు. అందులో ఒక్కో బండి తరగతికి ఎదురుగా అది ఇచ్చిన తేదీ ఉంటుంది. మీకు కావాల్సింది కార్ల తరగతి అయిన ఎల్‌ఎమ్‌వీ పక్కనున్న తేదీ, బైక్‌దాని తేదీ కాదు. ఏడేళ్లంటూ రాసి, ఎల్‌ఎమ్‌వీకి రెండేళ్ల కిందటి తేదీ ఉంటే మిగతా ఐదేళ్లు ఎక్కడ నడిపారో అడగాలి.

రెండో ప్రొఫైల్‌లో ఇంకో చిన్న లెక్క ఉంది. నాలుగేళ్లంటే 1,460 రోజులు. 1,180 రేటింగ్‌లంటే రోజుకు ఒకటి కన్నా తక్కువ. రేటింగ్ ఇవ్వనివాళ్లను కలిపినా, ఒక్కో డ్యూటీ మీద చాలా గంటలు గడిపే మనిషి కావచ్చు, అంటే ఊరి బయటి ప్రయాణాలు అలవాటై ఉండే అవకాశం ఉంది. అదే 1,180 ఆరు నెలల్లో వచ్చి ఉంటే రోజుకు ఆరేడు. అవన్నీ ఊళ్లో చిన్న డ్రాప్‌లే అయ్యుంటాయి, ఘాట్ దిగడం గురించి అవేమీ చెప్పవు.

క్యాన్సిల్ శాతాన్ని తొందరపడి చదవకూడదు. డ్యూటీ ఒప్పుకోకపోవడం వేరు, ఒప్పుకుని మానేయడం వేరు. మొదటిది డ్రైవర్ ఇష్టం, మీకు నష్టం లేదు. రెండోదే తెల్లవారు 4 గంటలకు మిమ్మల్ని గేటు దగ్గర నిలబెడుతుంది. ఆ 5 శాతంలో ఏది లెక్కేశారో యాప్ హెల్ప్ పేజీలో చూసుకోండి. 46 డ్యూటీల్లో సున్నా అన్నది మంచి మొదలే. కానీ 5 శాతం మానేసే అలవాటున్నవాడికి కూడా 46 వరుసగా సాఫీగా సాగే అవకాశం పదింటిలో ఒకటి ఉంటుంది.

ప్రొఫైల్ ఎంత విప్పినా తేలనిది ఒకటుంది, ఘాట్. తిరుమల ఎక్కే దారి, దిగే దారి వేరు. దిగేటప్పుడు వంపులు ఎక్కువ. అక్కడ బ్రేక్ మీదే కాలు పెట్టి వస్తే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది. మొదట కాలిన వాసన వస్తుంది, తర్వాత పెడల్ ఎంత తొక్కినా బండి ఆలస్యంగా ఆగుతుంది. అందుకే ఇద్దరికీ ఫోన్ చేసి ఒకటే అడగండి: "అన్నా, కొండ దిగేటప్పుడు ఏ గేర్‌లో వస్తారు?" రెండో గేర్‌లోనో మూడో గేర్‌లోనో ఇంజిన్ పట్టుతో వస్తాననీ, మలుపు ముందు మాత్రమే బ్రేక్ వేస్తాననీ చెబితే పని తెలిసినట్టే. ఆటోమేటిక్ బండైతే ఎల్‌లో గానీ మాన్యువల్ మోడ్‌లో గానీ పెడతానని రావాలి. "న్యూట్రల్‌లో వదిలేస్తే మైలేజీ వస్తుంది సార్" అంటే 4.9 అయినా 4.7 అయినా వద్దు.

ఈ ప్రయాణానికి మా ఓటు రెండో ప్రొఫైల్‌కే, ఐదు కాని నక్షత్రాల్లో నాలుగులే ఎక్కువ కనిపించి, కునుకు ఫిర్యాదు లేకపోతే. ఒకటేసి ఇచ్చినవాళ్లే పదుల్లో ఉంటే మొదటి డ్రైవర్‌ను లైసెన్స్ తేదీ, గేర్ ప్రశ్నతో పరీక్షించి తీసుకోవడం నయం. ఊళ్లో పెళ్లికో ఆసుపత్రికో నాలుగు గంటల డ్యూటీ అయితే మొదటి ప్రొఫైల్ చక్కగా సరిపోతుంది, కొత్తగా చేరినవాళ్లు పేరు నిలబెట్టుకోవాలని టైముకు వస్తారు.

ఎవరిని తీసుకున్నా, రాత్రి బయల్దేరేటట్టయితే ముందు రోజే "రేపు పగలు వేరే డ్యూటీ ఉందా?" అని అడగండి. ఉందంటే బయల్దేరడం తెల్లవారుజాముకు మార్చి, ఆ రాత్రి డ్రైవర్‌ను పడుకోనివ్వండి.