రెండు గంటలు ఆగితేనే మిక్సింగ్ పరీక్షకు విలువ

నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే ఏపీటీటీ కారణం తెలియకుండా పెరిగినప్పుడల్లా కొన్నేళ్లుగా మిక్సింగ్ పరీక్ష పెడుతున్నాను. పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. కోయాగులోమీటరు, 37 డిగ్రీల వాటర్ బాత్, ఆరోగ్యంగా ఉన్న చాలామంది ప్లాస్మా కలిపి చేసిన మంచి నార్మల్ పూల్డ్ ప్లాస్మా ఉంటే చాలు. అయితే చాలాచోట్ల దీన్ని సగంలోనే ఆపేస్తున్నారు. అందుకే ఈ సమీక్ష రాస్తున్నాను.

పరీక్ష వెనక ఉన్న లెక్క తేలికే. రోగి ప్లాస్మా, నార్మల్ ప్లాస్మా సమపాళ్లలో కలుపుతాం. రోగిలో రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లలో ఒకటి, అంటే ఒక ఫ్యాక్టర్, అసలే లేకపోయినా, కలిపిన దాంట్లో సుమారు యాభై శాతం ఉంటుంది. ఏపీటీటీ మామూలు స్థాయికి రావడానికి అది సరిపోతుంది. అదే రోగి రక్తంలో ఫ్యాక్టర్‌ను పనిచేయనివ్వని ఇన్హిబిటర్ ఉంటే, మనం పోసిన ఫ్యాక్టర్‌ను కూడా అది అడ్డుకుంటుంది, టైము తగ్గదు. చిక్కంతా ఫ్యాక్టర్ 8 ఇన్హిబిటర్‌తోనే. అది నిదానంగా పనిచేస్తుంది. కలిపిన వెంటనే చూస్తే లోపమే అనిపిస్తుంది.

ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన సంగతి చెబుతాను. డెబ్బై దాటాయి. ముంజేయి మొత్తం నల్లగా కమిలిపోయి ఉంది. "దెబ్బేం తగల్లేదు బాబూ, పొద్దున లేచేసరికే ఇట్టా ఉంది" అన్నాడు. ఇంట్లో ఎవరికీ రక్తస్రావం జబ్బు లేదు, ఆయనకు పన్ను పీకించుకున్నప్పుడు కూడా రక్తం మామూలుగానే ఆగిందట. ప్లేట్‌లెట్లు, పీటీ బాగున్నాయి. ఏపీటీటీ మాత్రం 78 సెకన్లు, మా పూల్డ్ ప్లాస్మాది 30.

రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ మందు కలిసిందేమోనని ముందుగా థ్రాంబిన్ టైము చూశాను, మామూలుగానే ఉంది. ఐసీయూ లైన్లలోంచి తీసిన శాంపిల్‌కైతే ఈ మెట్టు అస్సలు దాటవేయకూడదు. తర్వాత సమపాళ్లలో కలిపి వెంటనే పెడితే 36 సెకన్లు వచ్చింది. మిక్స్ టైములోంచి నార్మల్ టైము తీసేసి, రోగి టైముతో భాగించి, వందతో గుణిస్తే సుమారు 8. మా ల్యాబులో పది లోపు వస్తే సరిదిద్దుకున్నట్టే లెక్క. అక్కడితో ఆపి ఉంటే రిపోర్టులో 'ఫ్యాక్టర్ లోపం' అని వెళ్లిపోయేది.

ఇలాంటి కేసుల్లో నేను మూతలున్న మూడు ట్యూబులు వాటర్ బాత్‌లో పెడతాను: ఒకదాంట్లో కలిపిన మిక్స్, ఒకదాంట్లో రోగి ప్లాస్మా విడిగా, ఇంకోదాంట్లో నార్మల్ ప్లాస్మా విడిగా. రెండు గంటలయ్యాక విడిగా ఉన్న రెండింటినీ అప్పటికప్పుడు కలిపి, ముందే కలిపిన దానితో పోల్చాలి. ఈ కంట్రోల్ ఎందుకంటే ఫ్యాక్టర్ 8 వేడికి దానంతటదే కొంత తరిగిపోతుంది, ఏ ప్లాస్మాకైనా టైము కాస్త పెరుగుతుంది. ఆ పెరుగుదలను ఇన్హిబిటర్ ఖాతాలో వేయకూడదు. పెద్దాయన విషయంలో విడిగా ఉంచి కలిపింది 39 సెకన్లు, ముందే కలిపి ఉంచింది 61. ఈ 22 సెకన్ల తేడా వేడి వల్ల వచ్చింది కాదు, రెండు ప్లాస్మాలు కలిసి గడిపిన రెండు గంటల వల్ల వచ్చింది. ఫ్యాక్టర్ 8 చేస్తే 3 శాతమే ఉంది. ఇన్హిబిటర్ ఎంతుందో తేల్చే బెథెస్డా పరీక్షకు ప్లాస్మాను ఫ్రీజ్ చేసి చెన్నై పంపాం, అక్కడ కూడా ఇన్హిబిటరే అని తేలింది. వైద్యం దారి మారిపోయింది. ఫ్యాక్టర్ 8 ఎక్కించి ఊరుకోవడం కుదరదు, ఫ్యాక్టర్ 8 అవసరం లేకుండానే రక్తం గడ్డకట్టేలా చేసే బైపాసింగ్ మందులు, ఇన్హిబిటర్‌ను అణచే స్టెరాయిడ్లు కావాలి. ఆ ఫలితం వచ్చేదాకా కండకు సూదులు వేయొద్దని వార్డుకు ఫోను చేసి మరీ చెప్పాను.

లూపస్ యాంటీకోయాగులెంట్ అనే మరో రకం ఇన్హిబిటర్ తీరు వేరు. దానికి మామూలుగా కలిపిన వెంటనే కూడా టైము తగ్గదు. పైగా ఆ రోగికి రక్తస్రావం కంటే గడ్డలు కట్టే భయమే ఎక్కువ. ప్లాస్మాలో ప్లేట్‌లెట్లు మిగిలితే వాటి ఫాస్ఫోలిపిడ్ దాన్ని కప్పేస్తుంది. అందుకే నేను రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ తిప్పుతాను, రెండోసారి అడుగున కొంత ప్లాస్మా వదిలేసి పైది మాత్రమే తీస్తాను.

ఈ పరీక్షతో నాకున్న అసంతృప్తి ఒక్కటే. ఏపీటీటీ నాలుగైదు సెకన్లే పెరిగి ఉంటే నార్మల్ ప్లాస్మా పోయగానే బలహీనమైన ఇన్హిబిటర్ పలచబడిపోయి ఏదైనా సరిదిద్దుకున్నట్టే కనబడుతుంది. అలాంటప్పుడు నేరుగా ఫ్యాక్టర్లు, లూపస్ పరీక్షలు చేయించమని రాస్తాను. ఇక కావలి, ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చే బ్లూ క్యాప్ ట్యూబులు నాలుగు గంటలు దాటి చేరితే మిక్సింగ్ పెట్టను, కొత్త శాంపిల్ అడుగుతాను. అంత సేపట్లో ఫ్యాక్టర్ 8 దానంతటదే తగ్గి లేని లోపాన్ని చూపిస్తుంది.