క్లిప్‌లో కలిసిపోయిన ప్రకటన పట్టీ: ఆరేళ్లు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వాడాక నా సమీక్ష

మా ఊరి ఉత్సవాల్లో జరిగిన హరికథలను ఒకచోట భద్రపరచాలన్న ఉద్దేశంతో ఆరేళ్లుగా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత వీడియో సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాను. నాకు దొరికిన క్లిప్‌లలో చాలావాటి అడుగున కేబుల్ వారు వేసిన ప్రకటన పట్టీ, పై మూలన చానెల్ గుర్తు ఉంటాయి. చూసిన ప్రతివారూ "ఆ పట్టీని తీసేయొచ్చు కదా" అని అడుగుతారు. ఆ పని ఎంతవరకు సాధ్యమో అనుభవం మీద తెలిసింది కనుక రాస్తున్నాను.

మొదట తేల్చుకోవలసింది, ఆ పట్టీ నిజంగా వీడియోలో ఉందా లేక ప్లేయర్ పైన చూపిస్తున్నదా అన్నది. యూట్యూబ్‌లో 2023 వరకు వీడియో అడుగున కనిపించిన ప్రకటన పెట్టెలు ప్లేయర్ గీసినవే తప్ప వీడియో ఫైలులో భాగం కావు. విడి ట్రాక్‌గా ఉన్న సబ్‌టైటిళ్లనూ ఒక్క నొక్కుతో ఆపేయవచ్చు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో పాటు వచ్చే `ffprobe`తో ఫైలును పరిశీలించినప్పుడు ఒక వీడియో, ఒక ఆడియో తప్ప మరేమీ కనిపించకపోయినా, ఏ ప్లేయర్‌లో చూసినా పట్టీ కనిపిస్తూనే ఉంటే, అది బొమ్మలో కలిసిపోయిందని అర్థం.

అలా కలిసిపోయిన పట్టీ, బొమ్మ మీద అంటించిన కాగితం లాంటిది కాదు. ప్రసార సమయంలోనే ఆ చోట ఉన్న పిక్సెళ్ల విలువలు చెరిగిపోయి, వాటి స్థానంలో పట్టీ రంగుల విలువలు చేరాయి. ఫైలులో ఉన్నవి ఆ కొత్త విలువలే కనుక, పట్టీని తీసినా దాని కింద బయటపడేది ఏమీ ఉండదు. సగం పారదర్శకంగా ఉన్న గుర్తు అయితే కొంత ఆశ ఉంది. తెల్లని గుర్తు 60 శాతం గాఢతతో పడితే అసలు బొమ్మ 40 శాతం మిగిలే ఉంటుంది కాబట్టి లెక్క వెనక్కు కట్టవచ్చు. అయితే ఆ లెక్కలో 0.4తో భాగించాలి కనుక, కుదింపు వల్ల వచ్చిన చిన్న మచ్చలు కూడా రెండున్నర రెట్లు పెరిగి పైకి తేలతాయి.

నా దగ్గరున్న ఒక క్లిప్ కొలత 1280×720. అడుగున 84 పిక్సెళ్ల ఎత్తున ఒక బట్టల దుకాణం పసుపు పట్టీ 95వ సెకను నుంచి 125వ సెకను వరకు ఉంటుంది. మొదట `delogo` ఫిల్టర్‌ను ప్రయత్నించాను. అది మనం చెప్పిన దీర్ఘచతురస్రం చుట్టూ ఉన్న పిక్సెళ్లను చూసి లోపలి భాగాన్ని అంచనాతో నింపుతుంది. పట్టీ ఎడమ, కుడి, అడుగు అంచులను తాకుతున్నందున అంచనా కట్టడానికి ఆ మూడు వైపులా పిక్సెళ్లే లేవు. ఆ చోటు ఫ్రేము బయట ఉందని చెప్పి ఫిల్టర్ ఆగిపోయింది.

తరువాత `crop`తో అడుగు భాగాన్ని కోసేశాను. పట్టీ పోయింది కానీ, ఆకారం చెడకుండా పక్కలనూ కోయడంతో బొమ్మ 1130×636కు తగ్గింది. దానికన్నా పెద్ద నష్టం, హరిదాసుగారి పాదాలు పోవడం. చిందు వేస్తుంటే గజ్జెల మోత వినిపిస్తుంది, కాళ్లు మాత్రం కనిపించవు. అర నిమిషం పట్టీ కోసం కథ అంతటా ఆయన కాళ్లను పోగొట్టడానికి నాకు మనసొప్పలేదు. అందుకే ఆ ముప్పై సెకన్లు మాత్రమే పట్టీ మీద నల్ల పట్టీ కప్పి, మిగతా కథను పూర్తి ఫ్రేములో ఉంచాను. మూలనున్న చానెల్ గుర్తుకు మాత్రం `delogo`నే వాడాను.

```
ffmpeg -i katha.mp4 -vf "delogo=x=1130:y=40:w=100:h=60,
drawbox=y=636:w=iw:h=84:color=black:t=fill:enable='between(t,95,125)'" \
-c:v libx264 -crf 18 -c:a copy out.mp4
```

చోటు సరిగా కుదిరిందో లేదో తెలియడానికి మొదట `delogo`కు `show=1` జోడించి చూడాలి; ఆ భాగం చుట్టూ ఆకుపచ్చ గీత కనిపిస్తుంది. రెండు ఫిల్టర్లనూ ఒకే ఆదేశంలో ఇవ్వడం మంచిది, ఎందుకంటే వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత తగ్గుతుంది. ఆడియోను ఉన్నది ఉన్నట్టే నకలు చేస్తాం కనుక దానికి నష్టం లేదు.

ఫలితం విషయానికి వస్తే, గుర్తు వెనుక కదలని తెర ఉన్నంతసేపు ఇంట్లోవారికి కూడా తేడా తెలియలేదు. హరిదాసుగారు చెయ్యెత్తి చిడతలు ఆ మూలకు తెచ్చినప్పుడు మాత్రం అక్కడ మసక మరక అలలా కదిలింది. కెమెరా కదిలే దృశ్యాలలో ముందు వెనుక ఫ్రేముల నుంచి అసలు భాగాన్ని తెచ్చి నింపే పద్ధతులు ఉన్నాయి. మాది స్టాండు మీద నిలిపిన కెమెరా కనుక, గుర్తు వెనుక ఉన్నది ఏ ఫ్రేములోనూ బయటపడలేదు.

వీటన్నిటికన్నా నాకు పనికొచ్చిన దారి, పట్టీ పడకముందు తీసిన నకలు వెతకడం. ప్రకటన పట్టీలను కేబుల్ వారు ప్రసార సమయంలో వేస్తారు. ఉత్సవ కమిటీ పెట్టించిన కెమెరా కార్డులో అవి ఉండవు. రెండేళ్ల తరువాత వీడియోగ్రాఫరు దగ్గర ఆ కథ పాత హార్డ్‌డిస్కులో దొరికింది. నేను సరిచేసిన క్లిప్‌ను తీసేసి, గజ్జెల కాళ్లతో సహా ఉన్న ఆ ఫైలునే దాచుకున్నాను.