రోజుకు ఒక్కసారే చాటింగ్: ఏడాదిన్నర పాటించాక నా సమీక్ష

కొత్తగా పరిచయమైన అమ్మాయిలతో చాటింగ్‌కి దీనికి ముందు నాలుగు నెలలు ఇంకో పద్ధతి వాడాను. అవతలివాళ్లు జవాబివ్వడానికి ఎంతసేపు తీసుకుంటే దానికి రెట్టింపు ఆగడం. ఎగబడుతున్నట్టు కనిపించకూడదని ఒక స్నేహితుడు నేర్పాడు. ఒకమ్మాయి 20 నిమిషాలకు జవాబిస్తే నేను 40 నిమిషాలు ఆగాను. ఆమె గంటన్నర తర్వాత రాసింది, నేను మూడు గంటలు ఆగాను. వారం తిరిగేసరికి రోజుకో ముక్క మిగిలింది. తర్వాత ఎప్పుడో కలిసినప్పుడు, "మీకు ఇష్టం లేదేమో అనుకుని నేనూ తగ్గించాను" అంది. నేను ఆన్‌లైన్‌లో ఉండి కూడా జవాబివ్వకపోవడం ఆమెకు కనిపిస్తూనే ఉందట!

ఇప్పుడు గడియారం చూడను. మెసేజ్ చూసిన వెంటనే రాయబుద్ధయితే రాస్తాను. కానీ కబుర్లు మాత్రం రోజుకు ఒక్కసారే, అరగంటో ముప్పావుగంటో. మాట ఇంకా రంజుగా ఉండగానే "రేపు చెప్తా" అని ఆపేస్తాను. పొద్దున గుడ్ మార్నింగ్, మధ్యాహ్నం "తిన్నారా" మానేశాను, వాటికి ఎవరైనా ఏం జవాబిస్తారు? కలిసి వచ్చిన రోజు రాత్రి మాత్రం తప్పకుండా రాస్తాను, ఆమె చెప్పిన విషయం ఏదో ఒకటి పట్టుకుని. కలవాల్సిన చోటు, టైము గురించి అడిగితే ఈ లెక్కలేవీ లేవు, వెంటనే జవాబు.

అసలు కష్టం జవాబు రానప్పుడు. టెన్షన్‌లో "హలో", "బిజీనా", ఉత్త ప్రశ్నార్థకం పంపాలని చెయ్యి లాగుతుంది. నేను మర్నాడు సాయంత్రం దాకా ఆగి, పాత మెసేజ్ ఊసెత్తకుండా కొత్త సంగతి ఒకటి రాస్తాను. దానికీ జవాబు లేకపోతే ఇక రాయను. ఇలా ఆగినప్పుడు ఒకామె అయిదో రోజున తనే రాసింది, ఇంట్లో పెళ్లి పనులట. మిగతా ఇద్దరు రాయలేదు.

ఇష్టం ఉందో లేదో జవాబు వేగంలో తెలియదని నాకు అర్థమైంది. వారంలో కబుర్లు ఎవరు మొదలుపెట్టారో చూస్తాను. ఏడింటిలో రెండుసార్లు ఆమె మొదలుపెట్టినా చాలు. ఏడుకు ఏడూ నేనే అయితే, పైగా నన్ను తిరిగి ఒక్క ప్రశ్న కూడా అడగకపోతే, తగ్గించేస్తాను.

లోపాలూ ఉన్నాయి. రోజంతా చిన్న చిన్న ముక్కలు పంపుకోవడం ఇష్టమున్నవాళ్లకు ఇది చల్లగా అనిపిస్తుంది, ఒకామె ఆ మాట మొహం మీదే అంది. ఇంకోటి, మళ్లీ ఎప్పుడు కలుస్తామో తేలకుండా పదిరోజులు దాటితే ఎంత బాగా రాసినా కబుర్లు పాచిపోతాయి. ఈమధ్య రెండోసారి కలిసినప్పుడే అడిగేస్తున్నాను, "మీకు ఫోన్‌లో ఎక్కువ మాట్లాడటం ఇష్టమేనా?" అని. ప్రస్తుతం పరిచయమున్న ఆమెకు నైట్ షిఫ్టులు. "పొద్దున ఏడింటికి ఒక్కసారి చూస్తాను, అప్పుడు పెద్దగా రాయండి" అంది. నాకైతే పొద్దున లేవడం ఒక్కటే కష్టంగా ఉంది.