చన్నీళ్ల షవరా, బేసిన్‌లో ముఖమా, నిండా మునగడమా: నాడి తగ్గడానికి ఏది మేలు?

చన్నీళ్ల స్నానం చేస్తే గుండె వేగం తగ్గుతుందని, టెన్షన్ దిగిపోతుందని ఈమధ్య చాలామంది చెబుతున్నారు. షవర్ కింద నిలబడటం, చల్లటి నీళ్లలో ముఖం ముంచడం, ఐసు వేసిన టబ్బులో మెడదాకా దిగడం అన్నీ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. కానీ ఈ మూడింటికీ గుండె స్పందించే తీరు వేరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఈ తేడా తెలియకపోయినా పెద్దగా నష్టం లేదు. స్టెంట్ వేయించుకున్నవాళ్లకు, గుండె లయ తప్పే జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం తెలిసి తీరాలి.

నాడిని నిజంగా తగ్గించేది ముఖం. నుదురు, కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఉండే ట్రైజెమినల్ నరం కొసలకు చల్లటి నీళ్లు తగిలి, అదే సమయంలో ఊపిరి కూడా బిగబట్టి ఉంటే, మెదడు వేగస్ నరం ద్వారా గుండెకు నిదానించమని కబురు పంపుతుంది. నీటిలో ఉన్నంతసేపూ ఆక్సిజన్‌ను పొదుపు చేసుకునే ఏర్పాటు ఇది. సీల్ లాంటి సముద్ర జంతువుల్లో చాలా బలంగా, మనలో కొద్దిగా ఉంటుంది. దీన్నే డైవింగ్ రిఫ్లెక్స్ అంటారు.

ఇది చూడటానికి ఒక బేసిన్ చాలు. ఆరోగ్యంగా ఉన్న ఒకాయన కుర్చీలో కూర్చున్నప్పుడు నాడి నిమిషానికి 76 ఉందనుకుందాం. బేసిన్‌లో 10 నుంచి 15 డిగ్రీల నీళ్లు పోసి, మామూలుగా ఒక ఊపిరి పీల్చి, నుదురు మునిగేలా ముఖం పెట్టాడు. కొన్ని సెకన్లలోనే నాడి దిగడం మొదలవుతుంది, అర నిమిషానికి దాదాపు అడుగుకు చేరుతుంది. సాధారణంగా 10 నుంచి 25 శాతం తగ్గుతుంది కాబట్టి ఆయనకు 57 నుంచి 68 మధ్య ఎక్కడో ఉంటుంది. తల ఎత్తి ఊపిరి తీసుకోగానే మళ్లీ మామూలుకు వస్తుంది. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్‌తో దీన్ని కొలవాలని చూస్తే చాలాసార్లు తప్పు చూపిస్తుంది, ఎందుకంటే ఇదే రిఫ్లెక్స్ వేళ్లలోని రక్తనాళాలను బిగిస్తుంది. పక్కన ఒక మనిషి కూర్చుని మణికట్టు పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించడమే నమ్మకమైన పద్ధతి. పక్కన మనిషి లేకుండా ఇది చేయకూడదు కూడా.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నాడి తగ్గింది కదా, బీపీ కూడా తగ్గిందనుకుంటారు. నిజానికి చేతులు, కాళ్లలోని రక్తనాళాలు బిగుసుకోవడం వల్ల ఆ సమయంలో బీపీ పెరుగుతుంది. కాబట్టి ముఖం ముంచడం బీపీకి మందు కాదు.

షవర్ సంగతి దీనికి దాదాపు తలకిందులు. వీపు మీద, ఛాతీ మీద చన్నీళ్లు ఒక్కసారిగా పడితే ముందు వచ్చేది కోల్డ్ షాక్. ఊపిరి ఎగశ్వాసగా వస్తుంది, నాడి, బీపీ రెండూ పైకి లేస్తాయి. మొదటి అర నిమిషం గట్టిగా ఉండి, రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఆ తర్వాత కలిగే హాయి నిజమే, కానీ అది డైవింగ్ రిఫ్లెక్స్ వల్ల కాదు. షవర్ నీళ్లు ముఖం మీద పడినా మనం ఊపిరి తీసుకుంటూనే ఉంటాం కాబట్టి ఆ రిఫ్లెక్స్ బలంగా రాదు. షవర్‌లో ఉన్న మంచి ఏమిటంటే, ఇబ్బందిగా అనిపించిన క్షణంలో పక్కకు జరిగిపోవచ్చు. రోజూ కొద్దికొద్దిగా అలవాటు చేసుకుంటే షాక్ కూడా తగ్గుతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది తలతో సహా నిండా మునగడం దగ్గర. ఒళ్లంతా చల్లబడటం వల్ల గుండెకు పరుగెత్తమని ఒక ఆదేశం, ముఖం మునిగి ఊపిరి బిగబట్టడం వల్ల నిదానించమని ఇంకో ఆదేశం, రెండూ ఒకేసారి వెళ్తాయి. మైకేల్ షాటాక్, మైకేల్ టిప్టన్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు 2012లో ఈ ఘర్షణ గురించే రాశారు. చన్నీళ్లలో ఊపిరి బిగబట్టి మునిగినప్పుడు ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో కూడా సగానికి పైగా సందర్భాల్లో గుండె లయ కాసేపు తప్పుతుంది. అది ఎక్కువగా బిగబట్టిన ఊపిరి వదిలిన వెంటనే కనిపిస్తుంది. వాళ్లకు దానంతటదే సర్దుకుంటుంది. గుండె ముందే దెబ్బతిని ఉంటే అదే చిన్న తడబాటు ప్రమాదకరమైన లయగా మారవచ్చు. పైగా మెడదాకా నీళ్లలో ఉంటే నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం ఛాతీలోకి ఎగదన్నుతుంది. పంపింగ్ తగ్గిన గుండెకు అది అదనపు బరువు. గబుక్కున బయటికి వచ్చినప్పుడు ఆ ఒత్తిడి పోయి బీపీ పడిపోతుంది, కళ్లు తిరిగేది అప్పుడే.

నాడి తగ్గడమే కావలసి ఉండి, గుండెలో ఏ లోపమూ లేకపోతే నేను బేసిన్‌కే ఓటు వేస్తాను. గుండె జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఈ మూడింటిలో ఏదీ సొంతంగా మొదలుపెట్టేది కాదు. గుండె రక్తనాళాల్లో పూడికలు ఉంటే చలికి అవి ఇంకా ముడుచుకుని ఛాతీ నొప్పి రావచ్చు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్ వాడేవాళ్ల నాడి ముందే 55, 60 దగ్గర ఉంటుంది. దాని మీద వేగస్ నరం కూడా తోడైతే స్పృహ తప్పే అవకాశం ఉంది. అలాగని ముంచడం కోసం మాత్ర మానేయడం అంతకన్నా ప్రమాదం. లాంగ్ క్యూటీ అనే పుట్టుకతో వచ్చే లోపంలో ఒక రకానికి ఈత కొట్టడమే లయ తప్పించే కారణం. ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉంటే ముందు ఈసీజీ తీయించుకోవాలి.

ఒక్క మినహాయింపు ఎస్‌వీటీ. గుండె ఉన్నట్టుండి నిమిషానికి 150, 200 కొట్టుకునే ఈ జబ్బులో వేగస్ నరాన్ని ప్రేరేపించి వేగం ఆపడానికి ముఖానికి చల్లదనం తగిలించడం వైద్యంలో ఉన్న పద్ధతే. చిన్న పిల్లలకు డాక్టర్లు ముఖం మీద ఐసు సంచి కొద్ది సెకన్లు పెడతారు. పెద్దవాళ్లకు సాధారణంగా ముందు నేర్పేది ఊపిరి బిగబట్టి ముక్కే పద్ధతి. జబ్బు ఎస్‌వీటీయే అని తేలి, డాక్టర్ చేసి చూపించాకే ఇంట్లో ప్రయత్నించాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం తోడైతే బేసిన్ వెతుక్కోకుండా 108కి ఫోన్ చేయాలి.

మన దగ్గర ఈ విషయం ఎక్కువగా అవసరమయ్యేది కార్తీకంలో. తెల్లవారుజామున నదిలో మూడు మునకలు వేసే పెద్దవాళ్లు, అయ్యప్ప మాల వేసుకుని రెండు పూటలా చన్నీళ్లు పోసుకునే స్టెంట్ పేషెంట్లు చాలామందే ఉన్నారు. మాల వేసుకునే ముందే కార్డియాలజిస్టును అడగండి. గోరువెచ్చని నీళ్లే పోసుకోమంటే ఆ మాట గురుస్వామికి చెప్పేయండి. చన్నీళ్లకు డాక్టర్ ఒప్పుకుంటే మొదటి చెంబు పాదాల మీద, తర్వాత మోకాళ్లు, చేతులు, భుజాలు, చివర్లో తల. నదిలో అయితే మెట్టు మెట్టుగా దిగి, ఊపిరి మామూలుగా ఆడుతోందని చూసుకుని, తల ముంచకుండా దోసిలితో నెత్తిన పోసుకోండి. గట్టు మీద మీ జబ్బు సంగతి తెలిసిన మనిషి ఒకరు ఉండాలి.