7 మెగాహెర్ట్జ్ రొద మీద ఫెర్రైట్ క్లిప్పులు, రింగులు: ఏళ్ళు వాడాక నా రివ్యూ

నేను హామ్ రేడియోలో ఎక్కువగా 40 మీటర్ల బ్యాండ్‌లో ఉంటాను, అంటే 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్. అపార్ట్‌మెంట్ డాబా మీద డైపోల్ యాంటెన్నా కట్టుకున్న ఎవరినైనా అడగండి, దూరం స్టేషన్లు వినపడకపోవడానికి కారణం సగం ఇంట్లోనే ఉంటుంది: ఫోన్ చార్జర్లు, రౌటర్ ఎడాప్టర్, ఎల్‌ఈడీ లైట్ల డ్రైవర్లు. ఈ రొద కోసం నేను ఏళ్ళ తరబడి రెండు రకాలు వాడుతున్నాను. ఒకటి, కేబుల్ మీద టక్కున నొక్కి బిగించే క్లిప్ ఫెర్రైట్, ఫెర్రైట్ అంటే పింగాణీలాంటి అయస్కాంత పదార్థం. రెండోది ఫెయిర్‌రైట్ కంపెనీ వాళ్ళ 31 అనే రకం ఫెర్రైట్ మెటీరియల్‌తో చేసిన 61 మిల్లీమీటర్ల పెద్ద రింగు, మన వాళ్ళు ఎఫ్‌టీ 240-31 అంటారు. తీర్పు ముందే చెప్పేస్తాను, 7 మెగాహెర్ట్జ్‌లో ఒక్క క్లిప్పు బిగిస్తే దాదాపు తేడా ఉండదు, అదే వైరుని రింగులోంచి పది పన్నెండు సార్లు తిప్పితే రొద పడిపోతుంది.

మా రౌటర్ ఎడాప్టర్‌నే తీసుకోండి. రేడియోని బ్యాటరీ మీద పెట్టి ఇంటి ఎంసీబీలు ఒక్కొక్కటే దించుకుంటూ వెళ్తే దొంగ దొరికింది, ఆ ఎడాప్టర్ ప్లగ్ తీయగానే రేడియోలో సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ 8 నుంచి 3కి పడింది. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే వాటర్‌ఫాల్ తెర మీద చూస్తే రొద అంతటా ఒకేలా ఉండదు, సుమారు 65 కిలోహెర్ట్జ్‌కి ఒకటి చొప్పున మెత్తటి గుట్టల్లా కనిపిస్తుంది. గుట్టల మధ్య దూరం ఆ ఎడాప్టర్ స్విచింగ్ వేగం. ఇలా సమాన దూరంలో గుట్టలు కనపడితే అది ఏదో ఒక ఎస్‌ఎంపీఎస్, అంటే ఇలాంటి స్విచింగ్ పవర్ సప్లై అని అనుకోవచ్చు.

ఆ రొద బయటికి వచ్చే దారి తెలిస్తే ఫెర్రైట్ ఎందుకు పనిచేస్తుందో అర్థమవుతుంది. ఎడాప్టర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైండింగుల మధ్య కొద్దిపాటి కెపాసిటెన్స్ ఉంటుంది, స్విచింగ్ అంచులు దాంట్లోంచి దూకి 12 వోల్టుల వైర్లు రెండిట్లోకీ ఒకే దిశలో పోతాయి. రౌటర్‌కి కావాల్సిన కరెంటు మాత్రం ప్లస్‌లో వెళ్ళి మైనస్‌లో తిరిగొస్తుంది. రెండు వైర్లనీ కలిపి ఒకే రింగులోంచి తిప్పితే, ఎదురెదురు దిశల్లో పోయే అసలు కరెంటు అయస్కాంత ప్రభావం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, కోర్‌కి, అంటే ఆ రింగుకి, అది ఉన్నట్టే తెలీదు. రౌటర్‌కి వోల్టేజీ తగ్గదు, కోర్ సాచురేట్ కాదు. ఒకే దిశలో పోయే రొదకి మాత్రం రింగు పెద్ద అడ్డుగోడ, అందుకే దాన్ని కామన్ మోడ్ చోక్ అంటారు. ఒక్క ప్లస్ వైరునే రింగులోంచి తిప్పితే డీసీ కరెంటుకే కోర్ నిండుతూ వచ్చి అడ్డు తగ్గిపోవచ్చు. కాబట్టి రెండూ కలిసే వెళ్ళాలి.

ఇక లెక్క. క్లిప్పు ప్యాకెట్ మీద ఓమ్‌లు అని ఘనంగా రాస్తారు కదా, ఆ అంకె చాలాసార్లు 100 మెగాహెర్ట్జ్ దగ్గరిది. 7 దగ్గరికి వచ్చేసరికి మామూలు క్లిప్పులో మిగిలేది కొన్ని పదుల ఓమ్‌లే. వైరు దారిలో రొదకి ముందే 150 ఓమ్‌ల అడ్డు ఉందనుకుని, క్లిప్పు ఇంకో 50 కలిపిందనుకుందాం. రొద తగ్గేది రెండున్నర డెసిబెల్స్, అంటే అర ఎస్ యూనిట్, ఎస్ మీటర్ మీద అర మెట్టు, కూడా కాదు. మీటర్ ముల్లు కదిలిందో లేదో కూడా తెలీదు. క్లిప్పులు వరసగా పేర్చితే అడ్డు కూడికలా పెరుగుతుంది, అదే వైరుని ఒకే కోర్‌లోంచి చుట్లు తిప్పితే చుట్ల వర్గంలా పెరుగుతుంది. మూడు చుట్లు తిప్పిన ఒక్క క్లిప్పు తొమ్మిది క్లిప్పుల పని చేస్తుంది. రింగు మీద పన్నెండు చుట్లు వేసి 2000 ఓమ్‌లు తెచ్చుకుంటే అదే లెక్కలో 23 డెసిబెల్స్, సుమారు నాలుగు ఎస్ యూనిట్లు. నా దగ్గర మీటర్ 8 నుంచి 4కి దిగింది, రౌటర్ ఆన్‌లోనే ఉంది.

ఇంకో సంగతి చాలామంది నమ్మరు: క్లిప్పు బిగించాక రొద పెరగొచ్చు కూడా. పొట్టి వైరు ఈ ఫ్రీక్వెన్సీలో కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది. ఆ దారిలో 60 ఓమ్‌ల రెసిస్టెన్స్, దానితోపాటు 200 ఓమ్‌ల కెపాసిటివ్ రియాక్టెన్స్ ఉన్నాయనుకోండి, మొత్తం 209. క్లిప్పు తెచ్చిన 50 ఓమ్‌లు ఉత్త ఇండక్టెన్స్ అయితే అది ఆ 200లోంచి తీసివేత అవుతుంది, మొత్తం 162కి పడిపోయి రొద కరెంటు రెండు డెసిబెల్స్ ఎక్కువవుతుంది. అందుకే మనకి కావాల్సింది రెసిస్టెన్స్ రూపంలో ఉండే అడ్డు, అది వైరు ఎలాంటిదైనా రొదని వేడిగా మార్చి తినేస్తుంది. 31 మెటీరియల్ నాకు నచ్చింది ఇక్కడే, 43 అనే ఇంకో రకం ఫెర్రైట్‌తో పోలిస్తే ఇంకా తక్కువ ఫ్రీక్వెన్సీలోనే అది రెసిస్టెన్స్‌లా మారిపోతుంది. 43 పనికిరాదని కాదు, ఇంకా పైన, వీహెచ్‌ఎఫ్ వైపు, అది చాలా బాగుంటుంది. ఎఫ్‌ఎం రేడియోలోకో యూఎస్‌బీ డాంగుల్‌లోకో వచ్చే రొదకైతే క్లిప్పులే చాలు, అక్కడ వాటికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

చుట్లు ఎక్కువైతే ఎక్కువ లాభం అనుకుని ఇరవై వేసేయకండి. చుట్టుకీ చుట్టుకీ మధ్య కెపాసిటెన్స్ పెరిగి, ఒక ఫ్రీక్వెన్సీ దాటాక రొద చుట్ల మీద నుంచే దూకి వెళ్ళిపోతుంది. 7కి సరిపోయే పన్నెండు చుట్లు 28 మెగాహెర్ట్జ్‌కి ఎక్కువ, అక్కడ తగ్గించాలి. వైరు లోపలికి వెళ్ళే కొస, బయటికి వచ్చే కొస ఒకదానికొకటి ఆనకుండా ఎడంగా ఉంచండి. రింగు ఎడాప్టర్‌కి ఆనుకునే ఉండాలి, ఎందుకంటే మధ్యలో మిగిలిన వైరు యాంటెన్నాలా పనిచేస్తూనే ఉంటుంది.

వాడకంలో బయటపడినవి: క్లిప్పు రెండు ముక్కలూ పూర్తిగా కలవాలి, లావు కేబుల్ మీద బలవంతంగా మూసి మధ్యలో వెంట్రుకవాసి సందు మిగిలినా అడ్డు బాగా పడిపోతుంది. డాబా మీద ఎండకి క్లిప్పుల ప్లాస్టిక్ కొక్కేలు పెళుసెక్కి విరిగాయి, ఇప్పుడు బయట ఉన్నవాటికి కేబుల్ టై వేసి ఉంచుతున్నాను. ఫెర్రైట్ కింద పడితే పింగాణీలా పగులుతుంది. డైపోల్ ఫీడ్ దగ్గర కోయాక్స్‌తో చుట్టిన చోక్ మాత్రం వానకీ ఎండకీ డబ్బాలో చెక్కుచెదరకుండా ఉంది, 100 వాట్ల మాటలకి గోరువెచ్చగా కూడా కాలేదు.

కొనేటప్పుడు అసలు చిక్కు రింగు మీద ఏ గుర్తూ ఉండకపోవడం, 43నే 31 అని అంటగట్టిన అమ్మకందారు నాకు తగిలాడు. నమ్మకమైన 31 రింగు ఒకటి దగ్గర పెట్టుకుని, అదే సైజు కొత్తదాని మీద అన్నే చుట్లు వేసి, ఇండక్టెన్స్ కొలిచే ఎల్‌సీఆర్ మీటర్‌తో తక్కువ ఫ్రీక్వెన్సీలో కొలవండి. 31 పర్మియబిలిటీ 1500, 43ది 800, కాబట్టి ఇండక్టెన్స్ సగానికి దగ్గరగా వస్తే అది 31 కాదు. పక్కింటి సోలార్ ఇన్వర్టర్ రొద నేరుగా డైపోల్ వైర్లకే తగులుతుంటే మీ దగ్గర ఎన్ని రింగులు పెట్టినా లాభం లేదు, ఆ రింగు వాళ్ళ కేబుల్ మీద పడాలి.